మోకాలి నొప్పికి ఏ జెల్ కొనాలి, ఎంత రాయాలి, కాపడం ఎప్పుడు వద్దు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి నాకు పద్నాలుగేళ్లు అయింది. సాయంత్రం ఆరు దాటాక వచ్చేవాళ్లలో రోజూ ఇద్దరు ముగ్గురైనా అడిగే మాట ఒకటుంది: "అన్నా, నొప్పుల జెల్ ఒకటియ్యు." ఎక్కడ నొప్పి, ఇంతకుముందు ఏది వాడారు అని అడిగితే "ఏదైనా సరే, రాయంగనే మంట పుట్టాలె" అంటారు. మంట పుట్టడం వేరు, మందు పని చేయడం వేరు. ఆ తేడా తెలియకే చాలామంది తమకు సరిపడని ట్యూబు కొంటారు. కొన్నది కూడా చాలా తక్కువ రాస్తారు. పని చేయడం లేదని పైనుంచి హీటింగ్ ప్యాడ్ పెడతారు.

కీళ్ల అరుగుదల వల్ల మోకాలో, చీలమండో, చేతివేళ్లో నొప్పి పెడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నడుము నొప్పి సంగతి వేరు, దాన్ని ఇందులో కలపను.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది, ఏ కీలు. జెల్‌లోని మందు చర్మం దాటి కీలు దాకా చేరాలి. మోకాలు, చీలమండ, మణికట్టు, మోచేయి, వేళ్ల కీళ్లు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ జెల్‌కు అర్థం ఉంది. తుంటి కీలు మందపాటి కండరాల కింద ఎక్కడో లోపల ఉంటుంది, దాని మీద ఎంత రాసినా ఖర్చే. అమెరికాలో అమ్మే డైక్లోఫెనాక్ జెల్ కరపత్రంలోనే వెన్నెముక, తుంటి, భుజం మీద దీన్ని పరీక్షించి చూడలేదని రాసి ఉంటుంది.

రెండోది, అక్కడి చర్మం. దోక్కుపోయిందా, గోకి గోకి పుండు పడిందా, తామర ఉందా, సోరియాసిస్ పొలుసులు ఉన్నాయా? ఉంటే అక్కడికి ఏ జెల్లూ వద్దు.

మూడోది, మీ ఇంట్లో కాపడం అలవాటు ఉందా. దీన్ని ఎవరూ ఎంపికలో లెక్కలోకి తీసుకోరు. నా లెక్కలో మాత్రం ఇదే పెద్దది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

నాలుగోది, లోపలికి వేసుకుంటున్న మాత్రలు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ లాంటిది వాడుతున్నా, కిడ్నీ జబ్బు ఉన్నా, ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చినా, కడుపుతో ఉన్నా, డాక్టరును అడగకుండా ఈ జెల్స్ ఏవీ ముట్టుకోవద్దు.

షాపులో దొరికే నాలుగు రకాలు

ట్యూబు ముందు వైపు బొమ్మల వల్ల లాభం లేదు. పరుగెత్తే మనిషి, ఎర్రటి మోకాలు అన్నిటి మీదా ఒకేలా ఉంటాయి. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న కూర్పు చదవాలి.

మొదటి రకంలో డైక్లోఫెనాక్ ఒక్కటే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం అని రాసి ఉంటుంది. అది డైక్లోఫెనాక్ సోడియం 1 శాతానికి సమానం, కాబట్టి రెండు అంకెలు చూసి ఒకటి బలమైనదని అనుకోనక్కర్లేదు. వాపును తగ్గించే మందు ఇదే. దీనికి వాసన తక్కువ, మంట దాదాపు ఉండదు. మంట లేదు కాబట్టే మనవాళ్లకు దీని మీద నమ్మకం కుదరదు.

రెండో రకం మిశ్రమం. హైదరాబాద్‌లో నొప్పి జెల్ అడిగితే చాలా షాపుల్లో చేతికి వచ్చేది ఇదే. అదే డైక్లోఫెనాక్‌కు తోడు మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం, అవిసె నూనె 3 శాతం కలిపి ఉంటాయి. రాయగానే ముందు చల్లగా, తర్వాత వెచ్చగా అనిపించేది మెంథాల్, సాలిసిలేట్ల వల్ల. అవి చర్మంలోని నరాలను కదిలించి, మెదడు దృష్టిని నొప్పి మీద నుంచి మళ్లిస్తాయి. ఆ ఉపశమనం నిజమైనదే, కాదనను. వెంటనే వస్తుంది, కాసేపటికి పోతుంది.

మూడో రకం బామ్‌లు, నొప్పుల క్రీములు. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, గంధపురా తైలం లాంటివి ఉంటాయి. గంధపురా తైలం అంటే చాలావరకు మిథైల్ సాలిసిలేటే. డైక్లోఫెనాక్ ఉండదు. తలనొప్పికి, పట్టేసిన కండరానికి ఇంట్లో ఉండదగ్గవే కానీ, అరిగిన మోకాలికి ఇదే మందు అనుకుని నెలల తరబడి ఆధారపడడం నాకు నచ్చదు.

నాలుగోది కీటోప్రొఫెన్ జెల్. ఇది కూడా వాపు తగ్గించే మందే. కానీ రాసిన చోట ఎండ తగిలితే చర్మం తీవ్రంగా కమిలిపోవచ్చు, బొబ్బలు రావచ్చు. వాడుతున్నన్ని రోజులూ, ఆపేశాక మరో రెండు వారాలూ, మబ్బు పట్టిన రోజున కూడా ఆ భాగాన్ని బట్టతో కప్పి ఉంచాలి. మే నెలలో బండి మీద తిరిగేవాళ్లకు, చేతి కీళ్లకు వాడాలనుకునేవాళ్లకు మన ఊళ్లో ఇది పొసగదు. డాక్టరు రాసిస్తే తప్ప అడిగి కొనవద్దనే చెబుతాను.

| చూడవలసింది | డైక్లోఫెనాక్ ఒక్కటే | మిశ్రమం | బామ్, నొప్పుల క్రీము | కీటోప్రొఫెన్ |
|---|---|---|---|---|
| కీలు వాపు మీద పని | ఉంది | ఉంది | లేదు | ఉంది |
| రాయగానే తెలిసే ఉపశమనం | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | తక్కువ |
| కాపడం అలవాటున్న ఇంట్లో | జెల్ ఉన్న చోట కాపడం మానాలి | కొనకపోవడమే మేలు | చాలా జాగ్రత్త | జెల్ ఉన్న చోట కాపడం మానాలి |
| పూర్తి మోతాదులో వారాల తరబడి | వాడవచ్చు | నేను వద్దంటాను | వర్తించదు | డాక్టరు చెబితేనే |
| ఎండలో తిరిగేవాళ్లకు | రాసిన చోట కప్పుకోవాలి | రాసిన చోట కప్పుకోవాలి | ఎండ వేడి తగలనివ్వొద్దు | వద్దు |

ఎంత రాయాలి: టైలరక్క లెక్క

మా వీధిలో బ్లౌజులు కుట్టే అక్క ఉంది. యాభై ఎనిమిదేళ్లు. కుడి మోకాలు అరిగిందని ఎక్స్‌రే తీసి డాక్టరు చెప్పారు. నెలకు ఒక 30 గ్రాముల ట్యూబు కొనేది. ఒకరోజు వచ్చి, "తమ్మీ, ఈ జెల్ దండగ. ఆర్నెల్ల సంది రాస్తున్న, మెట్లు ఎక్కుతుంటే నొప్పి అట్లనే ఉంది" అంది.

రోజుకు ఎన్నిసార్లు రాస్తావక్కా అని అడిగాను. మూడుసార్లు అంది. సరే, లెక్క వేద్దాం. 30 గ్రాములు ముప్పై రోజులు వచ్చిందంటే రోజుకు ఒక గ్రాము. అది మూడుసార్లంటే ఒక్కోసారికి గ్రాములో మూడో వంతు, అంటే బఠానీ గింజంత.

డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌కు అమెరికా కరపత్రంలో మోకాలికి, చీలమండకు, పాదానికి చెప్పిన మోతాదు ఒక్కోసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. మోచేయి, మణికట్టు, చేతికి ఒక్కోసారికి 2 గ్రాములు, అదీ నాలుగుసార్లే. శరీరం మొత్తం మీద, ఎన్ని కీళ్లకు రాసినా, రోజుకు 32 గ్రాములు దాటకూడదు. బ్రిటన్‌లో 1.16 శాతం జెల్‌కు కాస్త వెసులుబాటు ఉంది: ఒక్కోసారికి 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగు సార్లు.

అంటే మన అక్క పెట్టినది, తక్కువలో తక్కువ మోతాదులో కూడా ఆరో వంతు. జెల్ పని చేయలేదని ఎలా అంటాం? జెల్‌కు పని చేసే అవకాశమే దొరకలేదు.

డబ్బు మాట కూడా తప్పించలేను. పూర్తి మోతాదు అంటే రోజుకు 16 గ్రాములు, 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడా రాదు. తక్కువ మోతాదు, అంటే 2 గ్రాముల చొప్పున మూడుసార్లు రాసినా ఐదు రోజులకు అయిపోతుంది. అందుకే అక్కతో ఇలా అన్నాను: నెలకో ట్యూబు చొప్పున ఏడాది పొడుగునా రాసే బదులు, ఆ డబ్బుతోనే పెద్ద ట్యూబులు కొని రెండు వారాలు సరైన మోతాదులో రాసి చూడు. కీళ్ల నొప్పికి దీని గుణం తెలియడానికి వారం దాకా పట్టవచ్చు. రెండు వారాల తర్వాత మెట్ల దగ్గర తేడా లేకపోతే ఇది నీకు పడే మందు కాదు, డబ్బు అక్కడితో ఆపు.

కొలవడం ఎలా? విదేశాల్లో ట్యూబుతో పాటు ఒక కొలత అట్ట ఇస్తారు. దాని మీద 4 గ్రాములంటే సుమారు 11 సెంటీమీటర్ల గీత, 2 గ్రాములంటే అందులో సగం. ఆ గీత ఆ ట్యూబు మూతి వెడల్పుకు తగ్గట్టు గీసింది. మన ట్యూబు మూతి సన్నగా ఉంటే అదే పొడవులో మందు తక్కువ వస్తుంది. కాబట్టి పొడవును గుడ్డిగా నమ్మవద్దు. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే దాని మీద ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టి, 4 గ్రాములు వచ్చేదాకా జెల్ పిండి చూడండి. అది ఎంత పొడవు గీతో ఒకసారి చూసుకుంటే ఇక రోజూ త్రాసు అక్కర్లేదు. త్రాసు లేకపోతే ఇంకా సులువు: 30 గ్రాముల ట్యూబు పదిహేనుసార్లకు అయిపోతే మీరు రాస్తున్నది 2 గ్రాములు. ఏడెనిమిది సార్లకే అయిపోతే 4 గ్రాములు. క్యాలెండరు మీద గీతలు పెట్టుకోండి చాలు.

అక్క పిండి చూసి "అమ్మో, గింతనా!" అంది. అందరూ అదే అంటారు. ఎక్కువ మందు ఒంట్లోకి పోతుందన్న భయం సహజం. కానీ ఒక మోకాలికి రోజుకు 16 గ్రాములు రాసినప్పుడు రక్తంలోకి చేరేది, అదే మందు 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు వేసుకుంటే చేరేదాంట్లో సుమారు 6 శాతమే. కడుపుకు, కిడ్నీకి భారం తగ్గుతుందనే డాక్టర్లు పెద్దవాళ్లకు మాత్ర కన్నా ముందు జెల్ చెబుతారు. అయితే జెల్ రాస్తూ అదే జాతి నొప్పి మాత్ర కూడా సొంతంగా వేసుకుంటే ఆ లాభం పోయినట్టే.

ఇక్కడే మిశ్రమంతో వచ్చే చిక్కు. ఈ మోతాదులు డైక్లోఫెనాక్ ఒక్కటే ఉన్న జెల్‌కు చెప్పినవి. మిశ్రమాన్ని అంతే రాస్తే, 16 గ్రాముల్లో 1.6 గ్రాముల మిథైల్ సాలిసిలేట్ కూడా రోజూ మోకాలి మీదకు వెళుతుంది. సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు చుట్టం, వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, చర్మాన్నీ మండిస్తుంది. కాబట్టి సరైన మోతాదులో రాయాలనుకునేవాళ్లు మిశ్రమం వదిలేసి ఒక్క మందు ఉన్న ట్యూబే అడగాలి.

రాసే పద్ధతిలో పెద్ద విద్య లేదు. మోకాలిచిప్ప మీద మాత్రమే కాకుండా, రెండు పక్కలా, వెనక మడత దగ్గరా పరచాలి. ఇంకేపోయేదాకా మెల్లగా రుద్దాలి, మాలీషు లాగా పిసకకూడదు. పది నిమిషాలు ఆరాకే చీర కుచ్చిళ్లో, ప్యాంటో కప్పుకోవాలి. గంటదాకా అక్కడ నీళ్లు పోయకూడదు, కాబట్టి స్నానం ముందే కానివ్వండి. చేతులు కడుక్కోవాలి. చేతివేళ్లకే రాసుకున్నవాళ్లు మాత్రం గంట ఆగి కడుక్కోవాలి, ఈలోపు కళ్లు నలుపుకోవద్దు, పప్పన్నం కలపొద్దు.

కాపడం, హీటింగ్ ప్యాడ్

డిసెంబరులో చలి మొదలుకాగానే ఎలక్ట్రిక్ ప్యాడ్లు అమ్ముడుపోతాయి. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టడం మన అమ్మమ్మల నాటి నుంచి ఉంది. కాపడం చెడ్డదని నేననడం లేదు. బిగుసుకున్న మోకాలికి పొద్దున్నే కాపడం పెడితే కదలిక తేలికవుతుంది. చెడ్డది కలయిక.

వేడి తగిలితే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి. అక్కడున్న మందు లెక్కకు మించి, తొందరగా లోపలికి పోవచ్చు. డైక్లోఫెనాక్ జెల్ రాసిన చోట పైనుంచి వేడి పెట్టవద్దని, గాలి ఆడకుండా కట్టు కట్టవద్దని కరపత్రంలో స్పష్టంగా ఉంటుంది. బిగుతు నీక్యాప్, క్రేప్ బ్యాండేజ్, మందు ఆరిపోకూడదని చుట్టే పాలిథీన్ కవరు, ఇవన్నీ ఆ కట్టు కిందికే వస్తాయి.

మిశ్రమం, బామ్‌లతో ప్రమాదం ఇంకో మెట్టు పైన. మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. దాంతో పైన ప్యాడ్ ఎంత వేడెక్కిందో చర్మం సరిగా చెప్పలేదు. కాలుతున్నా "బాగా పట్టింది" అనిపిస్తుంది. అసలు వేడి లేకుండానే ఇవి అరుదుగా కాల్చగలవు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. రెండో, మూడో స్థాయి కాలిన గాయాల్లో ఎక్కువ భాగం మెంథాల్ ఒక్కటే ఉన్నవాటితోనో, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ కలిసి ఉన్నవాటితోనో వచ్చాయి. వాటిలో ఎక్కువగా మెంథాల్ 3 శాతం, సాలిసిలేట్ 10 శాతం దాటినవి. కొందరికి ఒక్కసారి రాయగానే, ఒక్క రోజులోపే వచ్చాయి. మన మిశ్రమాల్లో మెంథాల్ 5 శాతం అని పైన చెప్పింది గుర్తుంచుకోండి.

మామూలు వెచ్చదనానికీ కాలుతున్నదానికీ తేడా ఎలా తెలుస్తుంది? వెచ్చదనం కాసేపటికి తగ్గుతూ పోతుంది. మంట పెరుగుతూ పోతున్నా, నొప్పిగా మారినా, చర్మం ఉబ్బినా, బొబ్బ లేచినా అది మందు పట్టడం కాదు. వెంటనే సబ్బుతో, మామూలు నీళ్లతో కడిగేయాలి. బొబ్బ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, దాన్ని చిదమొద్దు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ సూచన కూడా అందదు. వాళ్లు పాదం మీద, చీలమండ మీద మిశ్రమాలూ బామ్‌లూ, ప్యాడ్లూ రెండూ మానేయాలి.

కాపడం లేకపోతే ఉండలేమనేవాళ్లకు నేను చెప్పే వరస ఇది. పొద్దున లేచాక జెల్ లేని చర్మం మీద కాపడం. తర్వాత స్నానం. చర్మం తుడుచుకుని, వేడి పూర్తిగా తగ్గి మామూలుగా అయ్యాక డైక్లోఫెనాక్ జెల్. ఆ తర్వాత ఆ మోకాలికి వేడి లేదు. రాత్రి ప్యాడ్ పెట్టుకుని నిద్రపోయే అలవాటుంటే రాత్రి జెల్ మానండి, లేదా ప్యాడ్ మానండి. మిశ్రమం, బామ్ వాడిన రోజున మాత్రం కాపడం ఊసే వద్దు.

గాయమున్న చర్మం

బండి మీద నుంచి పడి మోకాలు వాచి, దోక్కుపోయి వచ్చే కుర్రాళ్లు "వాపుకు జెల్ ఇయ్యన్నా" అంటారు. నేను ఇవ్వను. చర్మం పైపొరే మందును ఆపి, కొంచెం కొంచెంగా లోపలికి వదిలేది. ఆ పొర లేచిపోయిన చోట మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది, పైగా భగ్గుమని మండుతుంది. అక్కడ శుభ్రం చేసి కట్టు కట్టడం, బట్టలో చుట్టిన ఐసు కట్టుకు పక్కన ఓ పదిహేను నిమిషాలు పెట్టడం, నొప్పికి పారాసిటమాల్, ఇవి చాలు. చెక్కు కట్టి ఊడి, కింద కొత్త చర్మం నున్నగా కనిపించాక జెల్ సంగతి చూడొచ్చు. కాలు మోపలేకపోతే ముందు ఎక్స్‌రే.

గాయం అనగానే రక్తం కారేదే అనుకుంటారు. దోమకాటు గోకినచోటు, అప్పుడే రేజరుతో గీసుకున్న కాలు, పగిలిన మడమలు, తామర మచ్చ, కుట్లు విప్పిన కొత్త గీత, ఇవన్నీ అదే లెక్క.

ఎవరికి ఏది

అరుగుదలతో నెలల తరబడి నొప్పి ఉన్న పెద్దవాళ్లకు డైక్లోఫెనాక్ ఒక్కటే ఉన్న జెల్. దాన్ని కొలిచి రాయాలి. బీపీ, గ్యాస్ట్రిక్ మాత్రలతో ఇప్పటికే సంచి నిండినవాళ్లకు ఇది మరీ పనికొస్తుంది, కాకపోతే వాళ్ల డాక్టరుకు ఒక మాట చెప్పి మొదలుపెట్టాలి.

కేబీఆర్ పార్కులో పరుగెత్తి చీలమండ బెణికిన ముప్పై ఏళ్లవాళ్లకు, చర్మం బాగుండి, ఇతర మందులేవీ లేకపోతే, రెండు మూడు రోజులకు మిశ్రమం పల్చగా రాసినా నాకు అభ్యంతరం లేదు. వెంటనే హాయి కావాలంటే అది ఇస్తుంది. ప్యాడ్ మాత్రం పెట్టొద్దు.

చిన్నపిల్లలున్న ఇంట్లో మిశ్రమాలు, బామ్‌లు, ముఖ్యంగా గంధపురా తైలం సీసాలు అందనంత ఎత్తులో ఉండాలి. ఆ నూనె ఒక చెంచా లోపలికి పోయినా పసిబిడ్డ ప్రాణానికే ముప్పు.

రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు షాపులో నన్ను అడగడం కన్నా, గుండె డాక్టరుకు ట్యూబు వెనక కూర్పు ఫోటో తీసి చూపించడం మేలు.

మా టైలరక్క 1.16 శాతం జెల్ 4 గ్రాముల చొప్పున పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసింది. ఎనిమిదో రోజుకు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గిందని చెప్పింది, ఎక్కేటప్పుడు మాత్రం ఇంకా నొప్పే. మూడు వారాలయ్యాక ఆపించి, డాక్టరు దగ్గరికి పంపాను. సొంతంగా అంతకు మించి కొనసాగించకూడదు. ఆయన తొడ కండరాలకు వ్యాయామం రాసి, జెల్‌ను నొప్పి ఎక్కువైన రోజులకే వాడమన్నారు.

మోకాలు ఒక్కసారిగా ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా ఉంటే ఏ ట్యూబూ కొనకండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, గట్టిపడి, నొప్పిగా ఉన్నా అంతే. అది రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం కావచ్చు, అక్కడ రుద్దనే రుద్దకూడదు.